21 రోజుల గడువు: పుట్టుకతో వచ్చే సీఎంవీతో నా అనుభవం

నేను నవజాత శిశువుల వార్డులో డాక్టర్ని. పుట్టుకతో వచ్చే సైటోమెగాలోవైరస్, అంటే సీఎంవీ, ఉన్న ఒక బాబుకు పరీక్షలు, మందు ఎలా సాగాయో మొదటి నుంచి రాస్తున్నాను. ఇందులో ఏ మెట్టు ఆలస్యమైనా మళ్ళీ వెనక్కి వెళ్ళి సరిదిద్దుకోలేం. అందుకే రాయాలనిపించింది.

బాబు 38 వారాలకు పుట్టాడు. బరువు 2.1 కిలోలు, తల చుట్టుకొలత 30.5 సెంటీమీటర్లు. ఆ నెలలకు రెండూ తక్కువే. పొట్ట మీదా తొడల మీదా సన్నటి ఎర్రటి చుక్కలున్నాయి. దోమకాట్లని నర్సు అనుకుంది. వేలితో నొక్కి చూస్తే రంగు పోలేదు. అంటే అది దద్దురు కాదు, చర్మం కింద చిమ్మిన రక్తం. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు 62 వేలే ఉన్నాయి. రెండో రోజు చేసిన ఓఏఈ వినికిడి పరీక్షలో రెండు చెవులూ పాస్ కాలేదు. చెవిలో ఉమ్మనీరు మిగిలున్నా అలా రావచ్చు కాబట్టి మామూలుగా అయితే కొన్ని వారాలు ఆగి మళ్ళీ రమ్మంటాం. ఈ బాబు విషయంలో ఆగకూడదు. తల చిన్నది, ప్లేట్‌లెట్లు తక్కువ, చెవి పరీక్ష ఫెయిల్. ఈ మూడూ ఒకే బిడ్డలో కలిసి కనిపిస్తే మొదట సీఎంవీని అనుమానించాలి.

తల్లి ఫైలులో మూడో నెలలో చేయించిన టార్చ్ రిపోర్టు ఉంది, అంటే కడుపులో బిడ్డకు చేరగల ఇన్‌ఫెక్షన్ల కోసం తల్లికి చేసే రక్తపరీక్ష. సీఎంవీ మీద ఒళ్ళు తయారుచేసే యాంటీబాడీల్లో ఐజీజీ పాజిటివ్, కొత్తగా సోకినప్పుడు కనిపించే ఐజీఎం నెగెటివ్. పక్కన పెన్నుతో 'నార్మల్' అని రాశారు. "అప్పుడు బాగానే ఉందన్నారు కదా డాక్టరుగారూ, మరి ఇదెలా వచ్చింది?" అని ఆమె అడిగింది. ఆమె అడిగినదాంట్లో తప్పేమీ లేదు. ఆ రిపోర్టును అలా చదవడమే తప్పు. ఐజీజీ పాజిటివ్ అంటే ఎప్పుడో ఒకప్పుడు ఆ వైరస్ సోకిందని మాత్రమే అర్థం. మన దేశంలో పెద్దవాళ్ళైన ఆడవాళ్ళలో నూటికి తొంభై మందికి పైగా ఐజీజీ పాజిటివే. రుబెల్లా అనే మరో వైరస్ అయితే ఒకసారి వచ్చి పోయాక ఐజీజీ ఉందంటే దాదాపు నిశ్చింతే. సీఎంవీ అలా కాదు. ఒంట్లో దాక్కున్న పాత వైరస్ మళ్ళీ లేవవచ్చు, లేదా మరో రకం సీఎంవీ కొత్తగా సోకవచ్చు. రెండు దారుల్లోనూ కడుపులో బిడ్డకు చేరగలదు. మన దగ్గర పుట్టుకతో సీఎంవీ ఉన్న పిల్లల్లో ఎక్కువమంది తల్లులు ఇలా ఐజీజీ ఉన్నవాళ్ళే. ఈమె పెద్దబాబుకు రెండేళ్ళు. ఆ వయసు పిల్లల ఉమ్మిలోనూ మూత్రంలోనూ ఈ వైరస్ చాలా ఉంటుంది. తల్లికి ఎక్కువగా అక్కడి నుంచే అంటుకుంటుంది.

నాయనమ్మగారు మాత్రం గ్రహణం రోజు కోడలు బయటికి వెళ్ళిందని బాధపడుతూనే ఉన్నారు. కోడలి ముందే ఆవిడకు చెప్పాను: "ఇది గ్రహణం వల్ల రాలేదమ్మా, ఒక వైరస్ వల్ల వచ్చింది. మీ కోడలు చేసిన తప్పేమీ లేదు." ఈ మాట ఇంట్లోవాళ్ళందరూ ఉన్నప్పుడే చెప్పడం నాకు అలవాటు. విడిగా చెబితే తల్లి మీద నింద అలాగే మిగిలిపోతుంది.

ఇక గడువు సంగతి. బిడ్డ పుట్టిన 21 రోజుల్లోపు తీసిన నమూనాలో వైరస్ దొరికితేనే అది కడుపులో ఉండగా సోకిందని గట్టిగా చెప్పగలం. ఆ తర్వాత దొరికితే కాన్పు సమయంలోనో తల్లిపాల నుంచో వచ్చి ఉండవచ్చు. అలా నెలలు నిండి పుట్టాక సోకింది సాధారణంగా హాని చేయదు. ఆ రెంటినీ విడదీసే పరీక్ష తర్వాత దొరకడం కష్టం. పుట్టినప్పుడు మడమ గుచ్చి కాగితం మీద ఆరబెట్టిన రక్తపు బొట్టు దాచి ఉంటే దాన్ని వాడొచ్చు. కానీ అందులో వైరస్ దొరకలేదంటే లేదని కాదు. నెలన్నరకు రెండోసారి చెవి పరీక్షకు వచ్చి అప్పుడు సీఎంవీ సంగతి అడిగే కుటుంబాలను చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది. ఓఏఈ ఫెయిలైన రోజే ఒక్క స్వాబ్ తీసి ఉంటే సరిపోయేది.

మూడో రోజు ఉమ్మి స్వాబ్ తీశాం. పాలు తాగి కనీసం గంట గడిచాక దవడ లోపలివైపు స్వాబ్ తిప్పాలి. తల్లిపాలలోనే వైరస్ ఉండొచ్చు కాబట్టి వెంటనే తీస్తే బిడ్డకు లేకపోయినా పాజిటివ్ వస్తుంది. పీసీఆర్ పాజిటివ్ వచ్చింది. ఉమ్మి పాజిటివ్ ఒక్కటే చూసి మందు మొదలుపెట్టకూడదు. మూత్రంతో ఖాయం చేసుకోవాలి. బ్యాగు అంటించి పట్టిన మూత్రాన్ని ఆరో రోజు పంపాం. అదీ పాజిటివే. బిడ్డ రక్తంలో ఐజీఎం చూస్తే చాలదా అని చాలామంది జూనియర్లు అడుగుతారు. చాలదు. నిజంగా సీఎంవీ ఉన్న పిల్లల్లోనూ చాలామందికి ఐజీఎం నెగెటివ్ వస్తుంది.

తర్వాత వైరస్ ఎక్కడెక్కడ దెబ్బ తీసిందో చూసుకున్నాం. మాడు మీద ప్రోబ్ పెట్టి చేసిన తల స్కానులో మెదడు లోపలి నీటి గదుల అంచు వెంబడి తెల్లటి సున్నపు చుక్కలు కనిపించాయి. ఆ అంచు సీఎంవీకి ఇష్టమైన చోటు. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి సోకితే మాత్రం చుక్కలు మెదడంతా చెదిరి ఉంటాయి. కంటి డాక్టరు రెటీనా చూశారు, మచ్చల్లేవు. కంటిపాప తెల్లగా ఉండి గుండెలో శబ్దం కూడా వినిపించి ఉంటే నా ఆలోచన రుబెల్లా వైపు మళ్ళేది. శుక్లం, గుండెలో మూసుకోని నాళం, చెవుడు, ఈ మూడూ కలిస్తే రుబెల్లానే. శుక్లానికీ రుబెల్లాకూ ఉన్న ముడిని 1941లో సిడ్నీలో నార్మన్ గ్రెగ్ అనే కంటి డాక్టరు పట్టుకున్నారు. రుబెల్లాకు టీకా ఉంది. 2017లో మన రెండు రాష్ట్రాల్లోనూ తట్టు, రుబెల్లాలకు కలిపి ఇచ్చే ఎంఆర్ టీకా మొదలైంది. సీఎంవీకి ఇంకా టీకా లేదు.

మెదడులో మార్పులున్నాయి, చెవి దెబ్బతింది. కాబట్టి ఈ బాబుకు మందు అవసరం. మందు పేరు వాల్‌గాన్‌సైక్లోవిర్. మొదటి నెలలోపు మొదలుపెట్టి ఆరు నెలలు ఇవ్వాలి. ఆరు వారాలతో ఆపినవాళ్ళ కంటే ఆరు నెలలు వాడినవాళ్ళకు వినికిడి, ఎదుగుదల కొంత మెరుగ్గా ఉన్నాయని 2015లో వచ్చిన అధ్యయనం చూపించింది. కొంత అనే మాటను నేను ప్రతి తల్లిదండ్రులకూ నొక్కి చెబుతాను. అప్పటికే మెదడులో జరిగిన నష్టాన్ని ఈ మందు వెనక్కి తేలేదు. ఏ లక్షణమూ లేకుండా సీఎంవీ పాజిటివ్ మాత్రమే ఉన్న బిడ్డకు దీన్ని మామూలుగా ఇవ్వం.

మోతాదు కిలోకు 16 మి.గ్రా., రోజుకు రెండుసార్లు. 12వ రోజున బాబు బరువు 2.2 కిలోలు, అంటే పూటకు 35 మి.గ్రా. పొడికి నీళ్ళు కలిపిన సిరప్‌లో మిల్లీలీటరుకు 50 మి.గ్రా. ఉంటుంది కాబట్టి 0.7 మి.లీ. దీన్ని చెంచాతో కొలవలేం, 1 మి.లీ. సిరంజితోనే పట్టాలి. కలిపిన సీసాను ఫ్రిజ్‌లో పెట్టి 49 రోజుల్లో వాడేయాలి, మిగిలితే పారేయాలి. మందు చర్మానికి తగలకుండా గ్లౌజులు వేసుకోవాలి. ఇంట్లో గర్భిణి ఉంటే ఆమె ఆ సీసా ముట్టుకోకూడదు.

ఇక్కడ జరిగే పొరపాటు ఒకటుంది. బిడ్డ బరువు పెరుగుతుంది, సిరంజి మీద గీత మాత్రం పాతదే ఉంటుంది. ఆరో వారానికి బాబు 3.1 కిలోలకు వచ్చాడు. అప్పుడు 1 మి.లీ. ఇవ్వాలి. మార్చకపోతే సరిపోని మందుతో నెలలు గడిచిపోతాయి. అందుకే సిరంజి మీద కొత్త గీత మార్కరుతో నేనే గీసి, పాత సిరంజి అడిగి తీసేసుకుంటాను.

ఈ మందుతో అసలు భయం తెల్లకణాలు పడిపోవడం. మొదటి ఆరు వారాలు వారానికోసారి, తర్వాత ఎనిమిదో వారంలో, ఆపైన నెలకోసారి రక్తపరీక్ష చేయాలి. లివర్ పరీక్ష నెలకోసారి. అయిదో వారంలో రిపోర్టు వచ్చింది: మొత్తం తెల్లకణాలు 5,400. ల్యాబ్‌వాళ్ళు దాని ఎదురుగా ఎర్ర గుర్తేమీ పెట్టలేదు. మేం చూడాల్సింది తెల్లకణాల్లో ఒక రకమైన న్యూట్రోఫిల్స్ సంఖ్య, అది చాలా రిపోర్టుల్లో విడిగా రాయరు. శాతం 8 అని ఉంది. 5,400లో 8 శాతం అంటే 432. 500 కంటే తగ్గితే మందు ఆపాలి. అదే సాయంత్రం ఫోన్ చేసి ఆపించాను. జ్వరం వచ్చినా, పాలు తాగకపోయినా ఆ గంటలోనే తీసుకురమ్మన్నాను. ఆరు రోజుల తర్వాత మొత్తం 6,200, న్యూట్రోఫిల్స్ 16 శాతం, అంటే 992. 750 దాటాక మళ్ళీ మొదలుపెట్టొచ్చు కాబట్టి అదే మోతాదుతో మొదలుపెట్టాం. మళ్ళీ పడిపోయి ఉంటే మోతాదు తగ్గించేవాళ్ళం. అలా జరగలేదు.

శబ్దానికి చెవి నరం, మెదడు ఎలా స్పందిస్తాయో చూసే బెరా పరీక్ష నెల వయసులో చేశాం. కుడి చెవికి 40 డెసిబెల్స్ దగ్గర, ఎడమ చెవికి 80 దగ్గర స్పందన వచ్చింది. ఈ అంకె ఎంత తక్కువైతే వినికిడి అంత మెరుగు. మందు పూర్తయ్యాక కుడి చెవి 35కు వచ్చింది. ఎడమది మారలేదు. చెవి మిషన్లు నాలుగో నెలలోనే పెట్టించాం. మందు అయ్యేదాకా ఆగుదామని తండ్రి అన్నారు. మాటలు నేర్చుకునే మెదడుకు ఆ నెలలు మళ్ళీ రావు కాబట్టి నేను ఒప్పుకోలేదు. ఫిజియోథెరపీకి జిల్లా ఆసుపత్రిలో ఉండే ప్రారంభ చికిత్సా కేంద్రానికి పంపాం.

మందు ఆపాక మూత్రంలో వైరస్ మళ్ళీ పెరుగుతుంది. దాని కోసం మళ్ళీ మందు మొదలుపెట్టం. ఏళ్ళ తరబడి వైరస్ అలా బయటికి వస్తూనే ఉంటుంది. బాబును ఎవరికీ దూరంగా పెట్టాల్సిన పనిలేదు, తల్లిపాలూ ఆపనక్కర్లేదు. డైపర్ మార్చాక, చొల్లు తుడిచాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. గర్భిణులు పిల్లల ఎంగిలి తినకూడదు, ముద్దు నోటి మీద కాకుండా నుదుటి మీద పెట్టాలి. ఈ మాట ఈ ఒక్క బాబు గురించే కాదు. ఆరోగ్యంగా కనిపించే ఏ రెండేళ్ళ పిల్లలకైనా అదే వర్తిస్తుంది.

సీఎంవీ చెవుడు ఏళ్ళు గడిచాక కూడా ముదరవచ్చు. పుట్టినప్పుడు పాసైన చెవి కూడా తర్వాత పోవచ్చు. అందుకే కుడి చెవి బాగుందని ఊరుకోకుండా ఆరు నెలలకోసారి, స్కూలు వయసు దాకా పరీక్ష రాశాం. మొన్న ఏడాదిన్నరకు చూస్తే కుడి చెవి 35 దగ్గరే నిలిచింది. ఎడమ చెవి వినికిడి ఇంకా తగ్గింది. ఆ చెవికి కాక్లియర్ ఇంప్లాంట్ సంగతి మాట్లాడడానికి వచ్చే నెల ఈఎన్‌టీ డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ ఉంది.