మూడు ఖాతాలు, రెండు తేదీలు

మాది జగిత్యాల దగ్గర ఒక పల్లె. దుబాయిలో ఎలక్ట్రీషియన్‌గా పని చేస్తున్నాను. నెలకు నలభై వేలు ఇంటికి పంపేవాణ్ని. అంతా ఒకే ఖాతాలో పడేది. ఇంటి అప్పు వాయిదా అందులోంచే కట్ అయ్యేది, నా భార్య ఏటీఎంలో తీసుకునేదీ అందులోంచే. ఒక నెల మేనకోడలి పెళ్లికి ఆమె పద్దెనిమిది వేలు తీసింది. నిల్వ కనిపించింది కాబట్టి తీసింది, ఆమె తప్పేమీ లేదు. మూడు రోజుల తర్వాత వాయిదా బౌన్సయింది. బ్యాంకు జరిమానా వేసింది, దానిపై జీఎస్టీ అదనం.

ఆ తర్వాత డబ్బును మూడు చోట్ల పెట్టాను. జీతం నా ఎన్‌ఆర్‌ఈ ఖాతాకు, అంటే విదేశంలో సంపాదించింది ఇండియాకు పంపుకునే ఖాతాకు వస్తుంది. అక్కడి నుంచి పందొమ్మిది వేలు బిల్లుల ఖాతాకు, పదమూడు వేలు నా భార్య ఖాతాకు వాటంతట అవే వెళ్తాయి. మిగతా ఎనిమిది వేలు పొదుపు. బిల్లుల ఖాతాకు ఏటీఎం కార్డే తీసుకోలేదు.

పందొమ్మిది వేల లెక్క ఇది: వాయిదా 12,500, కరెంటు, గ్యాస్ 1,500, పిల్లల ఫీజు ఏడాదికి 36,000 కాబట్టి నెలకు 3,000, బీమా ప్రీమియం ఏడాదికి 12,000 కాబట్టి నెలకు 1,000. మరో వెయ్యి చేతి కింద ఉంటుంది. ఏడాదికోసారి వచ్చే ఖర్చులను నెలలకు పంచుకోకపోతే జూన్‌లో ఫీజు కట్టేటప్పుడు పొదుపే కరిగిపోతుంది. మా ఇంట్లో అంతకుముందు ప్రతి ఏడూ జరిగింది అదే.

అసలు కిటుకు తేదీల్లో ఉంది. జీతం ఒకటికీ ఏడుకూ మధ్య ఎప్పుడైనా పడుతుంది. అందుకని బదిలీ పదో తేదీన పెట్టి, వాయిదా తేదీని ఐదు నుంచి పదిహేనుకు మార్చమని దరఖాస్తు ఇచ్చాను. పొదుపు బదిలీ మాత్రం పదకొండున. ముందు పొదుపు తీసి తర్వాత ఖర్చు పెట్టమని చాలామంది చెబుతారు. జీతం ఆలస్యమయ్యే మాలాంటి వాళ్లకు అది పనికిరాదు. డబ్బు చాలకపోతే ఆగాల్సింది పొదుపు బదిలీయే గానీ వాయిదా కాదు.

ఓవర్‌టైమ్ డబ్బుతో ఒక నెల బిల్లులకు సరిపడా సొమ్ము బిల్లుల ఖాతాలో ముందే వేసి ఉంచాను. పోయిన ఏడాది జీతం ఇరవై రోజులు ఆలస్యమైంది. పదో తేదీ బదిలీ విఫలమైనట్లు ఫోనుకు సందేశం వచ్చింది, వాయిదా మాత్రం కట్ అయింది. మా బ్యాంకులో ఒకసారి తప్పిన బదిలీ మళ్లీ దానంతట అది జరగదు. జీతం రాగానే నేనే చేత్తో పంపాను.

పొదుపును మొదట ఎన్‌ఆర్‌ఈ రికరింగ్ డిపాజిట్‌లో వేద్దామనుకున్నాను. ఏడాది తిరగకముందే మూసేస్తే వడ్డీ రాదని తెలిసి, ముందు మూడు నెలల ఖర్చు మామూలు ఖాతాలో నిలిపాకే అది మొదలుపెట్టాను.

ఇప్పుడు నా భార్య ఫోనులో “ఈ నెల ఎంత మిగిలింది?” అని నన్ను అడగదు. తన ఖాతాలో ఉన్నదంతా ఖర్చుకేనని ఆమెకు తెలుసు.