హైవే ఎక్కితే చల్లబడే ఇంజిన్

మిన్నియాపోలిస్‌లో జనవరి నెలలో హీటర్ లేకుండా కారు నడపడం అయ్యే పని కాదు. నా పాత సెడాన్‌లో మాత్రం గోరువెచ్చటి గాలి తప్ప రావడం మానేసింది. సిగ్నల్ దగ్గర ఆగితే కాస్త వెచ్చబడేది, హైవే ఎక్కగానే మళ్లీ చల్లగాలే. టెంపరేచర్ ముల్లు కూడా అలాగే మధ్యకు రాబోయి కిందికి జారిపోయేది.

ఒక షాపులో, ఇంజిన్ వేడిని మోసుకొచ్చే కూలెంట్ అనే ద్రవంతో కారు లోపలి గాలిని వెచ్చబెట్టే హీటర్ కోర్ మూసుకుపోయింది, శుభ్రం చేయాలన్నారు. నాకు నమ్మకం కలగలేదు. కోర్ మూసుకుపోతే ఇంజిన్ వేడి మామూలుగానే ఉండాలి, ముల్లెందుకు పడిపోతుంది? పోనీ సెన్సర్ పాడైందా అంటే, అప్పుడు ముల్లు తప్పు చూపినా హీటర్ వేడిగానే రావాలి. కూలెంట్ తగ్గితే సాధారణంగా ఇంజిన్ ఐడిల్‌లో ఉన్నప్పుడే గాలి చల్లబడుతుంది. నా కారుది దానికి సరిగ్గా తలకిందుల వ్యవహారం.

ఇక మిగిలింది థర్మోస్టాట్. ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌లోకి పోనివ్వకుండా ఆపే చిన్న వాల్వ్ అది. లోపలి మైనం వేడికి వ్యాకోచించినప్పుడే తెరుచుకోవాలి. నాది తెరుచుకునే ఇరుక్కుపోయింది. చలికాలం తలుపులు బార్లా తీసి కుంపటి రాజేసుకున్నట్టన్నమాట. హైవే మీద మంచుగాలి రేడియేటర్‌ని కొడుతుంటే ఆ కాస్త వేడీ మిగలదు.

కారు కంప్యూటర్‌కి స్కానర్ పెడితే P0128 అనే లోపం కోడ్ వచ్చింది. కూలెంట్ ఉండాల్సినంత వేడెక్కడం లేదని దానర్థం. హైవేలో 130 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటలేదు. నా ఇంజిన్ థర్మోస్టాట్ 180 దగ్గర తెరుచుకోవాలి. మర్నాడు పొద్దున చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, ఫ్యాన్‌కీ బెల్టుకీ చెయ్యి దూరంగా ఉంచి రేడియేటర్ పై గొట్టం పట్టుకున్నాను. థర్మోస్టాట్ మూసుకుని ఉంటే అది చాలాసేపు చల్లగానే ఉండి తర్వాత ఒక్కసారిగా వేడెక్కాలి. నాది మొదటి నిమిషాల నుంచే మెల్లగా వెచ్చబడుతూ వచ్చింది.

మార్చడం కష్టమేమీ కాలేదు. చల్లారిన ఇంజిన్‌లోంచి కొంత కూలెంట్ తీసి, హౌసింగ్ బోల్టులు రెండూ విప్పి, పాతది బయటికి లాగాను. వెలుతురుకు పట్టి చూస్తే వాల్వ్ అంచు చుట్టూ సన్నటి నెలవంకలా సందు! చేతిలో చల్లగా ఉన్నప్పుడు అది బిగుసుకుని ఉండాలి. కొత్తదాన్ని కొత్త గ్యాస్కెట్‌తో, గాలి పోయే చిన్న పిన్ను పైకి ఉండేలా బిగించాను. ఈ పిన్ను సంగతి పట్టించుకోకపోతే లోపల గాలి చిక్కుకుని తర్వాత తలనొప్పి.

కూలెంట్ నింపి, మూత తీసే ఉంచి, హీటర్ ఫుల్‌లో పెట్టి బుడగలు ఆగేదాకా ఇంజిన్ నడిపాను. స్కానర్‌లో అంకె 180 దాటి 190 దగ్గర నిలిచింది. హైవే మీదా కదల్లేదు. మర్నాడు ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు చూస్తే కూలెంట్ మట్టం కొద్దిగా దిగింది, అంతమేరా పోశాను.