లెక్కల మాస్టారు నాకు రాసిన ఉత్తరం

మన హైస్కూల్లో లెక్కలు చెప్పిన మాస్టారు మీ అందరికీ మాస్టారు, నాకు నాన్న. ఆయన గురించి రాయమని మన బడి సంచిక వాళ్లు అడిగినప్పుడు బడిలో సంగతులు చాలామంది రాస్తారు కదా అనిపించింది. అందుకని ఆయన నాకు రాసిన ఒక ఉత్తరం గురించి రాస్తున్నాను. మన బ్యాచ్‌ల వాళ్ల పిల్లలు ఇప్పుడు సీఏ చదువుతున్నారని వాట్సాప్‌లో చూస్తున్నాను, వాళ్లకీ పనికొస్తుంది.

అది 2014 మార్చిలో వచ్చిన ఉత్తరం. అంతకుముందు నవంబరులో విజయవాడలో హాస్టల్లో ఉండి ఐపీసీసీ మొదటి గ్రూప్ రాశాను. ఇప్పటి సీఏ ఇంటర్మీడియట్‌కి అప్పటి పేరు అది. నాలుగు పేపర్లు, ఒక్కోటి వంద మార్కులు. ప్రతి పేపర్లో కనీసం 40 రావాలి, నాలుగూ కలిపి 200 రావాలి. నాకు అకౌంటింగ్‌లో 62, లాలో 38, కాస్టింగ్‌లో 47, ట్యాక్సేషన్‌లో 51 వచ్చాయి. మొత్తం 198. గ్రూప్ పోయింది.

లాలో ఇంకో రెండు మార్కులు వస్తే 40 అయ్యేది, మొత్తం కూడా సరిగ్గా 200 అయ్యేది. ఆ రెండు మార్కులు నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. మొదటి గ్రూప్ పాసైన నా రూమ్మేట్లు ఆర్టికల్‌షిప్ అనే శిక్షణలో చేరడానికి ఆడిటర్ల ఆఫీసుల చుట్టూ తిరుగుతుంటే నేను మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేదాన్ని. వెరిఫికేషన్‌కి పెడితే రెండు మార్కులు కలుస్తాయేమోనని ఆశ. నాన్న దానికి ఒప్పుకోలేదు. వెరిఫికేషన్ అంటే మళ్లీ దిద్దడం కాదు, కూడిక సరిగ్గా ఉందా, దిద్దకుండా వదిలేసిన జవాబు ఏదైనా ఉందా అని మాత్రమే చూస్తారు. దాని బదులు లా, కాస్టింగ్ జవాబు పత్రాల సర్టిఫైడ్ కాపీలు తెప్పించమన్నారు. అవి ఇంటి అడ్రసుకి వచ్చాయి. ఆయన వాటిని ముందు తానే చదివి, ఉత్తరం జతచేసి నాకు పంపారు.

ఉత్తరం ఇలా మొదలవుతుంది:

"అమ్మలూ, నీ పేపర్లు రెండుసార్లు చదివాను. నీకు రెండు మార్కులు తగ్గాయని అనుకుంటున్నావు. నేను చూసినదాన్ని బట్టి లాలో నీకు ఇరవై మార్కులు తగ్గాయి. అవి ఎక్కడ పోయాయో చూపిస్తాను. కోపం తెచ్చుకోకుండా చదువు."

సీఏ పరీక్షలు పెట్టే ఇన్‌స్టిట్యూట్ ప్రతి పరీక్ష తర్వాత సజెస్టెడ్ ఆన్సర్స్ అని నమూనా జవాబులు విడుదల చేస్తుంది. నాన్న వాటిని నెట్ సెంటర్లో ప్రింట్ తీయించుకుని నా జవాబుల పక్కన పెట్టుకుని చూశారట. ఆయనకి లా తెలియదు. కానీ పాతికేళ్లకు పైగా పేపర్లు దిద్దిన మనిషి, ఎక్కడ మార్కు వేయొచ్చో ఎక్కడ వేయలేమో ఆయన కంటికి తెలుసు. ఆయన రాసింది యథాతథంగా ఇస్తున్నాను:

"మైనరు ప్రశ్న వచ్చిందనుకో. పదిహేడేళ్ల కుర్రాడు వయసు దాచి, ఇల్లు తాకట్టు పెట్టి అప్పు తీసుకున్నాడు. అప్పిచ్చినవాడు వసూలు చేసుకోగలడా? నువ్వు రాసే తీరులో అయితే 'మైనరుతో ఒప్పందం చెల్లదు కాబట్టి వసూలు చేసుకోలేడు' అని ఒకే వాక్యం ఉంటుంది. సరైన జవాబే. కానీ దిద్దేవాడు దానికి ఒక మార్కు వేస్తాడు, జాలిపడితే ఒకటిన్నర. సజెస్టెడ్ ఆన్సర్‌లో చూడు. ముందు చట్టం ఏమంటోందో రాశారు: కాంట్రాక్ట్ చట్టం 11వ సెక్షన్ ప్రకారం మేజరైనవాడే ఒప్పందం చేసుకోడానికి అర్హుడు, మైనరు ఒప్పందం మొదటినుంచీ చెల్లదు, మోహరీ బీబీ కేసులో 1903లో ప్రీవీ కౌన్సిల్ అదే చెప్పింది. తర్వాత ఆ సూత్రాన్ని ఈ కుర్రాడికి అన్వయించారు: వయసు దాచినా సరే, నేను మైనరునని అతను తర్వాత చెప్పుకోవచ్చు. చివర్లో ముగింపు. నువ్వు ముగింపు ఒక్కటే రాసి పక్క ప్రశ్నకి వెళ్లిపోతున్నావు. మన బళ్లో స్టెప్పులు రాయకుండా ఆన్సర్ వేసినవాడికి నేనెన్ని మార్కులు వేసేవాణ్నో నీకు తెలుసు."

మీకూ తెలుసు! పది మార్కుల లెక్కకి సమాధానం సరిగ్గా ఉన్నా రెండు మార్కులు వేసి, "దారి చూపించలేదు" అని పక్కన రాసేవారు. నాకు ఆ మాట పదో తరగతితో పోయిందనుకున్నాను. లా పేపర్ కూడా లెక్కల పేపరేనని ఆ ఉత్తరం చదివేదాకా నాకు తట్టలేదు.

కాస్టింగ్ పేపర్లో ఆయనకి కనిపించింది వేరే. మొదటి ప్రశ్న ఇరవై మార్కులది, తప్పనిసరి. మిగతా ఆరింటిలో ఐదు రాయాలి, ఒక్కోటి పదహారు మార్కులు. నేను చివరి పదహారు మార్కుల ప్రశ్న అసలు ముట్టుకోలేదు. "180 నిమిషాలకి వంద మార్కులు, అంటే మార్కుకి ఒక నిమిషం నలభై ఎనిమిది సెకన్లు. పదహారు మార్కులకి ఇరవై తొమ్మిది నిమిషాలు. నీ ప్రాసెస్ కాస్టింగ్ లెక్క మూడు పేజీలుంది, రెండుచోట్ల మొత్తం కొట్టేసి మళ్లీ చేశావు, అది కచ్చితంగా యాభై నిమిషాలు తినేసి ఉంటుంది. తేలకపోయినా ఇరవై తొమ్మిదో నిమిషంలో కింద గీత గీసి ముందుకెళ్లు. అప్పటిదాకా వేసిన వర్కింగ్ నోట్స్‌కి మార్కులు వస్తాయి. తెల్లకాగితానికి రావు."

ఇక మే పరీక్షకి లెక్క. సీఏలో ఫెయిలైన గ్రూప్‌లో ఏ పేపర్లోనైనా 60 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే ఆ పేపర్‌కి తర్వాతి మూడు అటెంప్ట్‌ల దాకా ఎగ్జెంప్షన్ ఉంటుంది. మళ్లీ రాయక్కర్లేదు, పాత మార్కులే మొత్తంలో కలుస్తాయి. నా అకౌంటింగ్ 62 అలా మిగిలింది. 200లోంచి 62 తీసేస్తే మూడు పేపర్లలో 138 కావాలి, సగటున 46. హాస్టల్లో అందరూ నాతో అదే అన్నారు, "నలభై ఆరేగా, ఈజీ" అని. నాన్న మాత్రం ఉత్తరంలో ఈ ఒక్క మాటే అండర్‌లైన్ చేశారు: "నలభై ఆరు కోసం చదివేవాడికి ముప్పై ఎనిమిది వస్తుంది. మూడింటిలోనూ అరవై కోసం చదువు. గ్రూప్ మళ్లీ పోయినా అరవై దాటిన పేపర్ నీ చేతిలో ఉంటుంది."

దాని వెంటే ఇంకో సంగతి రాశారు. సీఏ పిల్లల్లో ఒక అలవాటుంది, మొదటి పేపర్ పాడైతే మిగతావి మానేసి ఇంటికెళ్లిపోతారు. ఎలాగూ గ్రూప్ రాదు కదా అని. నవంబరులో లా రాసి వచ్చిన రాత్రి నేనూ ఫోన్లో ఆ మాట అన్నాను. "ఆ రోజు నువ్వు మానేయలేదు, అదే మంచిదైంది. ఈసారి కూడా ఏ పేపర్ ఎలా పోయినా చివరి పేపర్ రోజు హాల్లో కూర్చోవాలి. ఏ పేపర్లో అరవై వస్తుందో రాసినవాడికి కూడా తెలియదు" అని రాశారు.

చదివే పద్ధతి గురించి ఆయన ఎక్కువ చెప్పలేదు, చెప్పినవి మాత్రం గట్టిగా చెప్పారు. నేను రాత్రి రెండింటిదాకా చదివి మధ్యాహ్నం నిద్రపోయేదాన్ని. ఐపీసీసీ పరీక్ష మధ్యాహ్నం రెండు నుంచి ఐదుదాకా. అంటే నా ఒంటికి నిద్ర అలవాటైన సమయానికే పరీక్ష రాస్తున్నాను. "రోజూ రెండు నుంచి ఐదు మధ్య చదవడం కాదు, రాయి. ఆదివారం పూర్తి పేపర్ టైం పెట్టుకుని రాయి. పడుకునేది పదకొండున్నరకి" అని ఆయన షరతు. మొదటి వారం మధ్యాహ్నాలు కళ్లు మూసుకుపోయాయి, చన్నీళ్లతో మొహం కడుక్కుని కూర్చునేదాన్ని. మూడో వారానికి అలవాటైంది.

రెండోది పరీక్షకి ముందురోజు గురించి. పేపర్‌కీ పేపర్‌కీ మధ్య దొరికేది ఒకటిన్నర రోజు. ఆ ఒకటిన్నర రోజులో తిరగేయగలిగిందే నీ సిలబస్ అన్నారు. అందుకని ఏప్రిల్ నెలంతా కొత్తది చదవడంకంటే తగ్గించడం మీద పెట్టాను. లా మొత్తాన్ని సెక్షన్, కేసు, ఒక వాక్యం చొప్పున పొడుగు నోట్‌బుక్‌లో ఎక్కించాను. తిరగేయడానికి మొదట మూడు రోజులు పట్టేది, నెలాఖరుకి ఒక రోజులో అయ్యేది.

ట్యాక్స్ సంగతి ఆయనకి తెలిసే వీల్లేదు, దాన్ని నా కోచింగ్ సార్ చెప్పారు. నవంబరులో రాసింది 2012 ఫైనాన్స్ చట్టం ప్రకారం, మేలో 2013 చట్టం. ఐదు లక్షల లోపు ఆదాయానికి రెండు వేల రిబేటు, సెక్షన్ 87ఏ, ఆ ఏడే కొత్తగా వచ్చింది. పాత పుస్తకంతో మళ్లీ రాసేవాళ్లు లెక్క అంతా సరిగ్గా చేసి చివరి పన్ను దగ్గర తప్పుతారు. నేను కొత్త స్టడీ మెటీరియల్, ఇన్‌స్టిట్యూట్ రివిజన్ టెస్ట్ పేపర్ తెప్పించుకున్నాను.

ఉత్తరం చివరి పేజీలో చదువు ఊసు లేదు. "ఉగాదికి ఇంటికి రా. నీ రిజల్ట్ గురించి అడిగిన వాళ్లందరికీ నేనే చెప్పేశాను, గ్రూప్ పోయింది, మేలో మళ్లీ రాస్తోంది అని. మీ అత్తయ్యకి, బడిలో స్టాఫ్‌కి, వీధిలో వాళ్లకి కూడా. నువ్వు ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. నీకు ఇష్టమైనంతసేపు పడుకో, రెండు రోజులు పుస్తకం తేవద్దు."

ఆ పేజీ చదివి ఏడ్చాను. ఫెయిలైన దానికంటే మనుషులకి మొహం చూపించాలనే టెన్షనే నాకు ఎక్కువగా ఉందని నేను ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు. ఉగాదికి వెళ్లాను, నిజంగానే ఎవరూ అడగలేదు.

మేలో లా 56, కాస్టింగ్ 53, ట్యాక్స్ 49 వచ్చాయి. అకౌంటింగ్ 62తో కలిపి 220. అంత చదివినా ట్యాక్స్‌లో రెండు మార్కులు తగ్గాయి, నలభై ఆరు లక్ష్యంగా పెట్టుకుని ఉంటే ఆ పేపర్లో ఏమయ్యేదో చెప్పలేను. ఆ ఏడాదే ఆర్టికల్‌షిప్‌లో చేరాను.

ఇప్పుడు పిల్లలు రాసే పద్ధతి మారింది. 2024 మే నుంచి గ్రూప్‌కి మూడు పేపర్లే, కాబట్టి మొత్తం 150 కావాలి. ఇంటర్మీడియట్ ఏడాదికి మూడుసార్లు జరుగుతోంది. పేపర్‌కి 40, మొత్తంలో సగం, 60కి ఎగ్జెంప్షన్ మాత్రం అలాగే ఉన్నాయి. మీ ఇంట్లో ఎవరికైనా గ్రూప్ పోతే జవాబు పత్రం కాపీకి వెంటనే పెట్టించండి, ఫలితాలు వచ్చాక దానికి గడువు తక్కువ. కాపీ వచ్చాక అర్థం కాకపోతే నాకు ఫోన్ చేయండి, పక్కన కూర్చుని చూస్తాను. నాన్న కూడా ఇంట్లోనే ఉన్నారు, దిద్దిన పేపర్ అంటే ఇప్పటికీ కళ్లజోడు వెతుక్కుంటారు.