ఒక్క మాత్ర తేడాతో పల్లవి తలకిందులైంది: బట్టల పొడి ప్రకటన పాట రాసిన నా అనుభవం

నిన్న సాయంత్రం తుది ఆమోదం వచ్చింది. పడిన శ్రమ ఇంకా ఒంట్లో ఉండగానే జరిగినదంతా రాస్తున్నాను. ఒప్పందం ప్రకారం ఆ బట్టల పొడి పేరు చెప్పకూడదు కాబట్టి, దాని స్థానంలో 'లాలా' అని రాస్తాను. అసలు పేరులోనూ ఇలాగే రెండు గురువులు, అంటే రెండేసి మాత్రల కాలం పలికే అక్షరాలు, మొత్తం నాలుగు మాత్రలు ఉన్నాయి.

పని అప్పగించినవారు అడిగింది స్పష్టంగానే ఉంది. ఇంట్లో అందరూ పనులకు పరుగెత్తేవారు, బట్టలు రుద్దుతూ కూర్చునే తీరిక ఎవరికీ లేదు, పొడి నీటిలో తన పని తాను చేసుకుపోతుంది అన్న ఒక్క మాట ముప్పై సెకన్లలో చెప్పాలి, పేరుతో కూడిన పల్లవి మూడుసార్లు రావాలి. సువాసన, రంగు వెలవకపోవడం, యంత్రానికీ బకెట్‌కూ పనికిరావడం కూడా చేర్చమన్నారు కానీ, ముప్పై సెకన్లలో అన్నీ చెబితే ఏదీ మిగలదని వాదించి ఒప్పించాను. రెండు రోజుల్లో పాట రాశాను. అందులో పల్లవి ఇది:

లాలా ఉంటే మరక లేదు

కాగితం మీద ఇందులో ఏ దోషమూ కనిపించదు. సంగీత దర్శకుడు బాణీ కట్టారు, గాయని పాడారు. రికార్డింగుకు నేనూ వస్తానని అడిగితే, పాట రాసిన వారితో అక్కడ పని ఉండదని నిర్మాణ సంస్థ సమన్వయకర్త చెప్పారు. నేను అక్కడ ఉండి ఉంటే తర్వాత జరిగినదేదీ జరిగేది కాదు. ఆ మాటను నేను ఇప్పటికీ క్షమించలేదు.

ఆమోదం కోసం ఏర్పాటు చేసిన సమావేశంలో పాట కాగితాలు అందరికీ పంచి, స్పీకర్లలో పాట వినిపించారు. కాగితం చేతిలో ఉన్నవారంతా తల ఊపారు. ఆలస్యంగా వచ్చి చివర కూర్చున్న ఒక పెద్దావిడకు మాత్రం కాగితం అందలేదు. పాట అయ్యాక ఆవిడ ఎంతో మర్యాదగా, "అదేమిటండీ, లాలా ఉంటే మరకలే అంటున్నారు?" అని అడిగారు. గది నిశ్శబ్దమైపోయింది. కాగితాలు పక్కన పెట్టి మళ్ళీ విన్నాం. ఆవిడ విన్నదే నిజం. గాయని 'మరకలే' అని దీర్ఘం తీస్తూ నిలబెట్టింది, చివరి 'దు' దాదాపు వినిపించడం లేదు, దాని మీదనే నీళ్ళ చప్పుడు కూడా కలిపారు. పొడి వాడితే మిగిలేవి మరకలేనని మూడుసార్లు పాడించినట్టయింది. భాష వచ్చినవారు రాయవలసిన పాట ఇది అని ఒకాయన అందరి ముందూ అన్నారు. ఇరవై ఏళ్ళుగా ఛందస్సు చదువుకున్న నేను ఆ మాటకు బదులు చెప్పలేకపోయాను, ఎందుకంటే తప్పు ఎక్కడ జరిగిందో ఆ క్షణంలో నాకే తెలియదు.

ఆ రాత్రి మాత్రలు లెక్కపెట్టుకుంటే కారణం దొరికింది. 'లాలా ఉంటే' నాలుగూ నాలుగూ కలిపి ఎనిమిది మాత్రలు. 'మరక లేదు' మూడూ మూడూ కలిపి ఆరే మాత్రలు. ఆ రెండో సగం నడకే తిశ్రం, అంటే మూడేసి మాత్రలది. బాణీ మాత్రం మొదటినుంచి చివరిదాకా చతురశ్రంలో, అంటే నాలుగేసి మాత్రల నడకలో, ఎనిమిదేసి మాత్రల ముక్కలుగా నడుస్తుంది. తక్కువైన రెండు మాత్రలను ఎక్కడో ఒకచోట పూరించాలి కాబట్టి సంగీత దర్శకుడు 'లే' అక్షరాన్ని రెండు నుంచి నాలుగు మాత్రలకు సాగదీశారు. ఇక 'మరక' మూడు మాత్రలే కావడంతో, 'లే' తాళంలోని తర్వాతి దెబ్బ మీద కాక దానికి ఒక మాత్ర ముందే మొదలై 'మరక'కు అతుక్కుపోయింది. మిగిలిన 'దు' ఎనిమిదో మాత్ర మీద, గాయని ఊపిరి తీసుకోబోయే చోట పడింది. అర్థాన్ని తిప్పే అక్షరం ఎప్పుడూ పాదం చివర ఒక్క మాత్రే ఉండే లఘువుగా ఉండకూడదు. మన భాషలో 'లేదు', 'కాదు', 'రాదు' అన్నీ సరిగ్గా అలాంటివే, గురువు మీద నిలబడి లఘువులో ముగుస్తాయి. బాణీకి రాసేటప్పుడు వాటిని పల్లవి చివర పెట్టవద్దు.

'మరకలు మాయం' అని మార్చితే నాలుగూ నాలుగూ సరిపోతాయి. కానీ 'మా' దగ్గర నిలబెడితే 'మరకలు మా' అని వినిపిస్తుందేమోనన్న భయం వదలలేదు. ఎక్కడ తెగినా చెడని పల్లవి కావాలి. తెల్లవారుజామున ఇది వచ్చింది:

మరకా పో పో, లాలా వచ్చే

'మరకా' నాలుగు, 'పో పో' నాలుగు, 'లాలా' నాలుగు, 'వచ్చే' నాలుగు. ప్రతి మాటా దెబ్బ మీదే మొదలవుతుంది. 'మరకా' అని ఆపితే అది పిలుపు, 'మరకా పో' అని ఆపితే అది గద్దింపు. ఎలా సాగదీసినా అర్థం తిరగబడదు. చరణం కూడా అదే కొలతలో తిరగరాశాను:

అరగంటయినా తీరిక ఏదీ?
నురుగులొ నేనూ, పరుగులొ మీరూ

పొడి వేశాకా పని చూస్కోండీ

మరక, అరగంట, నురుగు, పరుగు అన్నింటిలోనూ రెండో అక్షరం రకారమే. ఈ ప్రాస వల్లనే పిల్లలు రెండోసారికే అందుకున్నారని నేను గట్టిగా నమ్ముతున్నాను.

నిమిషానికి 120 దెబ్బల వేగంలో, దెబ్బకు రెండు మాత్రల చొప్పున, ఎనిమిది మాత్రల ముక్క రెండు సెకన్లు పడుతుంది. ముప్పై సెకన్లంటే పదిహేను ముక్కలు. ఒకటి వాద్యానికి, రెండు పల్లవికి, నాలుగు చరణంలోని మొదటి రెండు పాదాలకు, మళ్ళీ రెండు పల్లవికి, రెండు మూడో పాదానికి, రెండు చివరి పల్లవికి పోగా మిగిలిన రెంటిలో మాట్లాడే గొంతు వస్తుంది. పది సెకన్ల కత్తిరింపులో అయిదు ముక్కలే ఉంటాయి కనుక పల్లవి, 'నురుగులొ నేనూ' పాదం, మళ్ళీ 'మరకా పో పో' మాత్రమే ఉంచాను. పాట రాసేటప్పుడే ఈ చిన్న రూపాన్ని కూడా లెక్కపెట్టుకోండి. లేకపోతే ఎడిటింగులో ఎవరో తమకు తోచిన చోట కోస్తారు.

ఈసారి కాగితం ఎవరికీ చూపలేదు. పక్కగదిలో కుళాయి తిప్పి ఉంచి, అయిదుగురిని కూర్చోబెట్టి, విన్నది విన్నట్టు రాయమన్నాను. పాత పల్లవిని ముగ్గురు 'మరకలే' అని రాశారు. కొత్తదాన్ని అయిదుగురూ సరిగ్గా రాశారు. ఆ కాగితాలే సమావేశానికి పట్టుకెళ్ళాను.

ప్రకటనలోని మాటలకు రుజువులు చూసే అధికారి కూడా కొత్త పల్లవికే మొగ్గారు. 'మరక లేదు' అనేది హామీ అవుతుందనీ, తుప్పు మరక లాంటివి బట్టల పొడితో పోవనీ, 'పో పో' మరకను గద్దించడమే కాబట్టి అంత చిక్కు లేదనీ వివరించారు. అరగంట అన్న మాటను మాత్రం, నానబెట్టమని ప్యాకెట్ మీద రాసిన సమయంతో సరిపోల్చుకుని ఉంచారు.

రెండో రికార్డింగుకు నేను వెళ్ళాను. ఎవరూ వద్దనలేదు. గాయని 'పో' మీద కాస్త ఎక్కువసేపు నిలబడితే బాగుంటుందా అని నన్నే అడిగింది. ఎంతసేపైనా నిలబడమ్మా అన్నాను. నీళ్ళ చప్పుడును మాత్రం మొదటి వాద్యపు ముక్కలోకి జరిపించాను.