చూపు మాత్రం మిగిలింది

పదిహేడేళ్లకే ఫాస్ట్ బౌలింగ్ మానేశాను. నిజానికి నడుమే మాన్పించింది.

మొదట ఎడమవైపు నడుము కింద చిన్న నొప్పి. కుడిచేత్తో వేసేవాళ్లకి ఇది ఎక్కువగా ఎడమవైపే వస్తుందని అప్పుడు తెలియదు. కండరం పట్టిందనుకుని, స్ప్రే కొట్టుకుంటూ రెండు నెలలు అలాగే వేశాను. ముందుకు వంగితే పెద్దగా ఏమీ ఉండేది కాదు. వెనక్కి వంగితే మాత్రం సూది గుచ్చినట్టుండేది. అదే అసలు గుర్తు, మేమెవరం పట్టించుకోలేదు. చివరికి స్కాన్‌లో వెన్నుపూసకి సన్నటి పగులు కనిపించింది. నా యాక్షన్‌లో తుంటి ఒకవైపు, భుజాలు మరోవైపు తిరిగేవి. బంతి వేసిన ప్రతిసారీ ఆ మెలిక బరువంతా అక్కడే పడేది. నెలల తరబడి విశ్రాంతి తీసుకుని మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ అదే నొప్పి. ఆ సాయంత్రం స్పైక్స్ విప్పి, చీకటి పడేదాకా బౌండరీ దగ్గరే కూర్చున్నాను.

ఇప్పటికీ ఎవరు బౌలింగ్ వేస్తున్నా నా కళ్లు సీమ్ మీదకే పోతాయి. నిటారుగా వెళ్తోందా, ఊగుతోందా అని. ఆ తర్వాత బౌలర్ తుంటి, భుజాలు.

నిన్న మైదానంలో పద్నాలుగేళ్ల అబ్బాయి ఓవర్ మధ్యలో నడుము పట్టుకున్నాడు. దగ్గరికెళ్లి, ఎడమకాలి మీద నిలబడి వెనక్కి వంగమన్నాను. వంగలేకపోయాడు.

"నాన్నా, ఇవాళ్టికి బంతి ఇచ్చెయ్. ముందు డాక్టర్‌కి చూపించుకో" అన్నాను.

"రేపు మ్యాచ్ ఉందంకుల్" అన్నాడు.

వాళ్ల నాన్నగారు వచ్చేదాకా నేనక్కడే ఉన్నాను.