30 కిలోమీటర్ల ఉరుకుడుకి తిండి లెక్క

మా బావమర్ది 60 కిలోలుంటడు, ఫుల్ మారథాన్‌కి రెడీ అయితుండు, పొద్దుగాల భద్రకాళి బండ్ మీద ఆయన లాంగ్ రన్‌కి బాటిళ్లు అందిచ్చేది నేనే. ఉరికేముందు రెండు గంటలకి కిలో బరువుకి ఒకటిన్నర గ్రాముల కార్బ్ చొప్పున 90 గ్రాములు, అంటే రెండు అరటిపండ్లు మూడు బ్రెడ్ ముక్కలు, నెయ్యి గియ్యి లేకుండ.

అసలు సంగతి నడుమల ఉంటది. ఉరుకుతున్నప్పుడు గంటకి 30 నుంచి 60 గ్రాముల కార్బ్ కడుపులకి పోవాలె, అదీ ఆకలి అయినంక కాదు, మొదటి అరగంట నుంచే. అర లీటర్ నీళ్లల్ల 30 గ్రాముల చక్కెర, చిటికెడు ఉప్పు, గంటల ఒక బాటిల్, దాంతోపాటు ఒక అరటిపండు సగం సగం చేసి తింటే 55 దాక వస్తది. అదే బాటిల్ల 60 గ్రాములు కలిపితే చిక్కగైతది, కడుపుల గుడగుడ, వికారం మొదలైతది. తక్కువైతే రెండు గంటల తర్వాత కాళ్లు బరువెక్కుతయ్, మాట అడిగితే లేట్‌గ జవాబిస్తడు, నేను గదే చూస్త. పేగులకి కూడ ప్రాక్టీస్ కావాలె కాబట్టి 30తోని మొదలువెట్టి వారం వారం పెంచినం.

అయిపోయినంక గంట లోపల 60 గ్రాములు, 200 గ్రాముల అన్నం పెరుగుతోని సరిపోతది.