ఎల్‌ఎఫ్‌పీ ప్యాక్‌కి కాల్మన్ ఫిల్టర్ పెట్టిన నా అనుభవం: ఆగి ఉన్న బండిలో ఛార్జ్ ఎందుకు పడిపోయింది

నిన్ననే ఫైనల్ బిల్డ్ ఇచ్చేశాం, కోపం ఇంకా చల్లారలేదు, అందుకే వేడి మీదే రాసేస్తున్నా. ఎలక్ట్రిక్ ఆటోకి 100 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్, అంటే ఎల్‌ఎఫ్‌పీ ప్యాక్, 16 సెల్స్ సిరీస్‌లో, దానికి ఎస్‌ఓసీ, అంటే ఎంత శాతం ఛార్జ్ మిగిలిందో చూపించే పని నాది. కరెంట్‌ని కలుపుకుంటూ పోతే ఎస్‌ఓసీ వస్తుంది గానీ సెన్సర్ ఆఫ్‌సెట్ వల్ల మెల్లగా పక్కకి జరుగుతుంది, వోల్టేజ్ చూసి దాన్ని సరిదిద్దుకోవాలి, ఆ రెంటినీ కలిపేది ఎక్స్‌టెండెడ్ కాల్మన్ ఫిల్టర్. సెల్ మోడల్ ఇంతే:

```
V = OCV(SOC) - I*R0 - V1
```

OCV అంటే లోడ్ లేకుండా బాగా రెస్ట్ ఇచ్చాక సెల్ చూపించే వోల్టేజ్, I కరెంట్, R0 సెల్ లోపలి రెసిస్టెన్స్, V1 అంటే ఒక ఆర్‌సీ జత మీద వోల్టేజ్. పల్స్ టెస్ట్ పెట్టి R0, R1, C1 తీశాం, కోడ్ రాశాం, ల్యాబ్‌లో బ్రహ్మాండంగా నడిచింది.

అసలు పరువు పోయింది కస్టమర్ ముందు. పొద్దున ఫుల్ ఛార్జ్‌తో బయల్దేరిన బండి, మధ్యాహ్నానికి డిస్‌ప్లేలో 52 శాతం, నీడలో ఆపి అందరం భోజనానికి వెళ్లొచ్చేసరికి 38. లోడ్ ఏమీ లేదు. "ఊరికే నిలబెట్టినా తాగేస్తోందేంటండీ మీ బ్యాటరీ" అని ఆయన అందరి ముందూ అడిగాడు, మా మేనేజర్ గారు నా వైపు తిరిగి "R పెంచెయ్, వోల్టేజ్‌ని తక్కువ నమ్ముతుంది" అన్నారు. R అంటే వోల్టేజ్ కొలతలో ఎంత నాయిస్ ఉందో ఫిల్టర్‌కి మనం చెప్పే అంకె. పది రెట్లు పెంచి చూపించా. అదే పడిపోవడం, కాస్త నెమ్మదిగా, అంతే.

దీని వెనక ఉన్నది చాలామంది పట్టించుకోని విషయం. కాల్మన్ ఫిల్టర్ దృష్టిలో వోల్టేజ్ తప్పు అంటే ప్రతి శాంపిల్‌కీ కొత్తగా, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా వచ్చే నాయిస్. మనకున్నది అలాంటిది కాదు, ఒకే వైపుకి లాగే స్థిరమైన తేడా. సెకనుకోసారి అదే తప్పు చెబుతుంటే గంటలో 3600 మంది సాక్షులు ఒకే మాట చెప్పినట్టు ఫిల్టర్ నమ్మేస్తుంది, తన అంచనాలో ఎంత తప్పుండొచ్చో చెప్పే P చిన్నదైపోతుంది, తప్పు అంకె మీద గట్టి నమ్మకం కుదురుతుంది. R పెంచితే నమ్మడానికి ఇంకాస్త టైం పడుతుంది తప్ప ఆ తేడా ఎక్కడికీ పోదు.

దీన్ని పట్టుకునే దారి ఒకటే, ఇన్నొవేషన్ గ్రాఫ్ గీయడం, అంటే కొలిచిన వోల్టేజ్ మైనస్ మోడల్ చెప్పిన వోల్టేజ్. అది సున్నాకి అటూ ఇటూ ఎగరాలి. మాది మొత్తం సున్నా కిందే. టీమ్‌లో అది గీసి చూసింది నేనొక్కడినే, ఈ మాట గర్వంగానే చెప్తున్నా.

తేడా ఎక్కడిదో చూద్దామని ఒకే సెల్‌ని ఒకసారి ఫుల్ నుంచి 50 శాతానికి దించి, ఇంకోసారి ఖాళీ నుంచి 50కి ఎక్కించి, రెండుసార్లూ 25 డిగ్రీల దగ్గర బాగా రెస్ట్ ఇచ్చి కొలిచా. దించినప్పుడు 3.286 వోల్టులు, ఎక్కించినప్పుడు 3.302. పదహారు మిల్లీవోల్ట్‌ల హిస్టెరిసిస్. సెల్ అమ్మిన కంపెనీ ఇచ్చిన ఓసీవీ టేబుల్ కేవలం ఛార్జ్ వైపుది, ఆ ముక్క డేటాషీట్‌లో ఎక్కడా లేదు, అడిగితే మెయిల్‌కి జవాబు కూడా లేదు. ఎల్‌ఎఫ్‌పీలో మధ్య భాగం ఎంత బల్లపరుపుగా ఉంటుందంటే మా సెల్‌లో అక్కడ ఒక శాతానికి అర మిల్లీవోల్టే, ఇక 16 మిల్లీవోల్ట్‌లు ఎస్‌ఓసీని ఎంత దూరం లాగుతాయో మీరే లెక్కేసుకోండి. అందుకే చెప్తున్నా, వెండర్ టేబుల్‌ని నమ్మకండి, రెండు వైపులా మీరే కొలవండి.

తర్వాత హిస్టెరిసిస్‌ని ఒక స్టేట్‌గా పెట్టా, కరెంట్ దిశ మారితే మెల్లగా అటు జరిగేలా. బాగా తగ్గింది గానీ ఇంకా మూడు నాలుగు మిల్లీవోల్ట్‌లు మిగిలాయి, ఆ వాలు దగ్గర అది కూడా ఆరు నుంచి ఎనిమిది శాతం. కాబట్టి మధ్య భాగంలో వోల్టేజ్‌ని ఎస్‌ఓసీ జోలికే రానివ్వలేదు, వోల్టేజ్ తేడాని బట్టి ఎస్‌ఓసీని ఎంత దిద్దాలో చెప్పే K[0] ని సున్నా చేసేశా:

```
if (slope_mV_per_pct < 1.0) K[0] = 0;
```

ఇలా K ని మన చేత్తో మార్చాక P కి మామూలు `(I-KH)P` వాడకూడదు, జోసెఫ్ ఫార్ములా వాడాలి, లేకపోతే P అబద్ధం చెబుతుంది. ఇక్కడ I కరెంట్ కాదు, ఐడెంటిటీ మాట్రిక్స్, H అంటే స్టేట్ మారితే వోల్టేజ్ ఎంత మారుతుందో చెప్పేది:

```
P = (I-K*H)*P*(I-K*H)' + K*R*K'
```

మధ్యలో నడిపేది కరెంట్ లెక్కే కాబట్టి సెన్సర్ ఆఫ్‌సెట్ మీద కన్నేసి ఉంచాలి. 0.3 ఆంపియర్ ఆఫ్‌సెట్ ఉంటే ఎనిమిది గంటల్లో 2.4 ఏహెచ్, అంటే మా ప్యాక్‌లో 2.4 శాతం. ప్యాక్‌ని బండి నుంచి విడదీసే కాంటాక్టర్ తెరుచుకున్నప్పుడు అసలు కరెంట్ సున్నా అని ఖాయంగా తెలుసు, అప్పుడు సెన్సర్ చూపించేదాన్నే ఆఫ్‌సెట్‌గా తీసేసుకుంటున్నాం.

ఇప్పుడు బండి ఎంతసేపు ఆపినా అంకె కదలట్లేదు. కిందికి 20 శాతం లోపు వచ్చినప్పుడో, ఛార్జింగ్‌లో ఫుల్‌కి దగ్గరపడి వోల్టేజ్ ఒక్కసారిగా లేచినప్పుడో ఫిల్టర్ సర్దుకుంటుంది. రోజూ 40కీ 80కీ మధ్యే తిప్పే డ్రైవర్‌కి మాత్రం ఆ అవకాశం రాదు, అందుకే P ఒక హద్దు దాటగానే "ఈసారి ఫుల్ ఛార్జ్ చేయండి" అని డిస్‌ప్లేలో చూపిస్తున్నాం.